ముందు ‘చేరారా?’, తర్వాత ‘మీదేనా?’, చివరికి ధన్యవాదాలు

రిసెప్షన్ ముగిసిన మర్నాడు పొద్దున్నే పెళ్లివారి వాట్సాప్ గ్రూపులో ఒక పొడుగాటి సందేశం కనిపిస్తుంది. వచ్చినవాళ్లందరికీ ధన్యవాదాలు, అందరూ క్షేమంగా చేరారని ఆశిస్తున్నాం, ఎవరివైనా వస్తువులు మిగిలిపోతే చెప్పండి అని మూడు సంగతులూ అందులోనే ఉంటాయి. కింద వరుసగా దండాల బొమ్మలు, పూలగుత్తులు, ‘నూతన దంపతులకు ఆశీస్సులు’ పడతాయి. గంటలో వంద జవాబులు వస్తాయి. అయినా ఖమ్మం వెళ్లిన కారు ఇల్లు చేరిందో లేదో వాటిలో ఎక్కడా ఉండదు. చేతులు కడుక్కునే చోట దొరికిన ఉంగరం ఎవరిదో కూడా తెలియదు.

జవాబిచ్చినవాళ్ల తప్పేం లేదు. క్షేమం కనుక్కోవడం రాత్రికి రాత్రే కొద్దిమందితో తేలాల్సిన పని. వస్తువుల సంగతి మర్నాటి ఉదయం అందరికీ తెలియాలి. కృతజ్ఞత నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు కానీ, మనిషి మనిషికీ విడిగా అందాలి. ఈ మూడింటినీ ఒకే సందేశంలో పెడితే చదివేవాళ్లు తేలికైన దానికి జవాబు రాసి ఊరుకుంటారు. అందుకే మూడు సందేశాలు రాయాలి, ఒకదాని తర్వాత ఒకటిగా పంపాలి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

విజయవాడలో ఒక ఫంక్షన్ హాలు, మగపెళ్లివారు ఇస్తున్న రిసెప్షన్ అనుకుందాం. నాలుగు వందల మంది వచ్చారు. స్టేజీ మీద ఫొటోల వరుస తరగలేదు. ఆఖరి పంక్తి లేచేసరికి రాత్రి పదకొండున్నర దాటింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లోవాళ్లే. పొరుగూళ్ల నుంచి వచ్చిన బండ్లు తొమ్మిది: గుంటూరు, తెనాలి వైపు నాలుగు, ఏలూరుకు రెండు, ఖమ్మానికి ఒకటి, హైదరాబాదుకు రెండు. పెళ్లికొడుకు బాబాయ్ ప్రయాణాల సంగతి చూసుకుంటున్నాడు. పిన్ని మిగిలిపోయిన వస్తువుల సంగతి చూసుకుంటోంది.

రాత్రి సందేశం: మనుషుల్ని కాదు, బండ్లను లెక్కపెట్టాలి

నాలుగు వందల మందిని చేరారా అని అడగడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. బాబాయ్ జేబులో ఒక కాగితం ఉంది. దాని మీద తొమ్మిది వరుసలు. ఒక్కో వరుసలో ఏ ఊరు, బండిలో ఎందరు, ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి చేరొచ్చు, ఎవరి ఫోనుకు చేయాలి అని ఉంటుంది. ఆ ఫోను బండి నడిపే మనిషిది కాకూడదు, పక్క సీట్లో కూర్చున్నవాళ్లది కావాలి. స్టీరింగు పట్టుకున్న చేతికి ‘చేరారా?’ అని సందేశం పంపితే మనమే కొత్త ప్రమాదం తెచ్చినవాళ్లమవుతాం.

బండి గేటు దాటగానే బాబాయ్ ఆ ఒక్కరికే పంపిన సందేశం ఇది:

“వదినా, జాగ్రత్తగా వెళ్లండి. తొందరేం లేదు. అన్నయ్యకు నిద్ర వస్తున్నట్టుంటే ఎక్కడైనా ఆపించండి. ఆగితే ‘ఆగాం’ అని, ఇంటికి వెళ్లాక ‘చేరాం’ అని నాకు ఒక్క మాట పెట్టండి. ఎంత రాత్రయినా ఫరవాలేదు, మేం మెలకువగానే ఉంటాం.”

ఇందులో ధన్యవాదాల ఊసు లేదు, ఫొటోలు లేవు. అడిగింది ఒక్కటే, దానికి జవాబు కూడా ఒక్క మాటే. నిద్రమత్తులో ఉన్న మనిషి కూడా బొటనవేలితో రాసేయగలిగినంత చిన్నది. ‘ఎంత రాత్రయినా ఫరవాలేదు’ అన్న మాట తప్పకుండా ఉండాలి. అది లేకపోతే మనవాళ్లు మర్యాదకు పోయి, ఈ వేళప్పుడు వాళ్లను లేపడం ఎందుకులే అని ఊరుకుంటారు. ఇటు ఎదురుచూసేవాళ్లకు తెల్లారిపోతుంది.

ఈ సందేశం పెద్ద గ్రూపులోకి వెళ్లకూడదు. రాత్రి ఒంటిగంటకు ఒకరు ‘చేరాం’ అంటే నాలుగు వందల ఫోన్లు మోగుతాయి. పైగా, ఎవరి ఇల్లు ఇంతసేపు తాళం వేసి ఉందో అంతమందికీ చెప్పినట్టవుతుంది.

ఇక గడువు. గుంటూరు ముప్ఫై అయిదు కిలోమీటర్లు, ఏలూరు అరవై. గంట, గంటంపావులో తేలిపోతాయి. ఖమ్మానికి మూడు గంటలు వేసుకోవాలి. హైదరాబాదు రమారమి 270 కిలోమీటర్లు, రాత్రిపూట అయిదు గంటలు. బాబాయ్ ప్రతి వరుసకూ చేరాల్సిన టైము మీద ముప్పావుగంట కలిపి రాసుకున్నాడు. అప్పటికీ కబురు రాకపోతే ఫోను చేస్తాడు. ఈ ముప్పావుగంట ముందే అనుకోవడం వల్ల పావుగంటకోసారి ఫోను చేసి వాళ్లను విసిగించే పని ఉండదు, చూద్దాంలే అని వదిలేయడమూ ఉండదు.

వాట్సాప్ గీతల్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. రెండు నీలం గీతలంటే సందేశం చదివారని మాత్రమే, ఇల్లు చేరారని కాదు. ఒక్క గీత దగ్గరే ఆగిందంటే ఫోను ఆగిపోయి ఉండొచ్చు, సిగ్నల్ లేకపోయి ఉండొచ్చు. రాత్రంతా ఫొటోలు, వీడియోలు తీసిన ఫోన్లలో ఆ వేళకు ఛార్జింగు ఉండటమే అరుదు. కాబట్టి దూరం వెళ్లే బండికి రెండో నంబరు కూడా రాసుకోవాలి. వాళ్లకు ఇష్టమైతే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమనవచ్చు. అందులో పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులుంటాయి. హైదరాబాదు ప్రయాణానికి ఎనిమిది గంటలదే కావాలి. ఫాస్టాగ్ కూడా ఒక ఆధారమే. టోల్‌గేటు దాటిన ప్రతిసారీ ఆ బండి ఫాస్టాగ్‌కు జతచేసిన నంబరుకు సందేశం వస్తుంది. ఆ నంబరు ఇంట్లో ఉన్న కొడుకుదో కోడలిదో అయితే బండి కీసర దాటిందా, చిల్లకల్లు దాటిందా, కొర్లపహాడ్ దాటిందా అన్నది వాళ్లనడిగితే తెలిసిపోతుంది.

మన ఉదాహరణలో రాత్రి రెండుకల్లా ఆరు బండ్ల నుంచి కబురు వచ్చింది. హైదరాబాదు వెళ్లాల్సిన రెండింట్లో ఒకదాన్ని బాబాయ్ అసలు కదలనివ్వలేదు. ఆ బండి నడపాల్సిన మనిషి ముందు రాత్రి కూడా పెళ్లిలో మేలుకునే ఉన్నాడు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య ఒళ్లు తనంతట తానే నిద్రలోకి జారుతుంది. టీ తాగినా, కిటికీ దించినా, పాటలు పెట్టినా ఆ మత్తు కాసేపే ఆగుతుంది. రాత్రి పన్నెండింటికి విజయవాడలో బయల్దేరినవాళ్లు సరిగ్గా ఆ మూడు గంటలూ హైవే మీదే ఉంటారు. హాలు గదుల్లో పడుకోబెట్టి పొద్దున పంపడమే దీనికి మందు. తాగినవాళ్ల విషయమూ ఇంతే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. తాళాలు హాలు దగ్గరే తీసుకోవాలి. బండి కదిలాక పంపే ఏ సందేశమూ ఆ తప్పును దిద్దలేదు.

ఖమ్మం బండి పన్నెండింటికి బయల్దేరింది, మూడింటికి చేరాలి. మూడుంబావుకి ‘చేరాం’ వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే, పన్నెండుంబావుకి కదిలిన రెండో హైదరాబాదు కారు. అయిదుంబావుకి చేరాలి. కబురు లేదు. ఆరింటికి బాబాయ్ ఫోను చేశాడు. వదిన ఫోను ఆగిపోయి ఉంది. కాగితం మీదున్న రెండో నంబరు వెనక సీట్లోని అమ్మాయిది, అది మోగింది. సూర్యాపేటలో టీకి ఆగి, అక్కడే హోటలు ముందు కారు ఆపుకుని గంటసేపు పడుకున్నారట. మంచి పనే చేశారు. ‘ఆగాం’ అని ఎందుకు పెట్టలేదని బాబాయ్ అడగలేదు. ఎక్కడున్నారో కనుక్కుని, మళ్లీ ఎన్నింటికి చేరొచ్చో రాసుకున్నాడు.

రెండో నంబరూ మోగకపోతే ఏం చేయాలి? ముందు వాళ్ల ఇంటికి, తర్వాత అదే దారిలో వెళ్లిన ఇంకో బండివాళ్లకు ఫోను చేయాలి. అప్పటికీ ఏమీ తెలియకపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కో, పోలీసుల 112కో చేసి బండి నంబరు, రంగు, చివరిసారి ఎక్కడ ఉన్నారో చెప్పాలి. అందుకే కాగితం మీద బండి నంబరు కూడా ఉండాలి. పెద్ద గ్రూపులో ‘ఫలానావాళ్లు ఇంకా చేరలేదు’ అని పెడితే ఉపయోగం లేకపోగా, పది ఊళ్లలో ముసలివాళ్లు కంగారు పడతారు.

పగటి సందేశం: దొరికింది చెప్పాలి, గుర్తులు దాచాలి

మిగిలిపోయిన వస్తువుల కథ సందేశం రాయడానికి చాలాముందే మొదలవుతుంది. హాలు ఊడ్చేశాక అడిగితే దొరికేవి తక్కువ. ఆఖరి అతిథి వెళ్లగానే, డెకరేషన్ వాళ్లు పూలు పీకకముందే, పిన్నీ ఇంకో అమ్మాయీ ఫోన్ల లైట్లు వేసుకుని ఒక చుట్టు తిరిగారు. స్టేజీ మీది సోఫా మెత్తల సందులు, పెళ్లికూతురి గది అద్దం ముందు భాగం, బాత్‌రూముల్లో కొక్కేలు, చేతులు కడుక్కునే చోటు, భోజనాల బల్లల కింద, కుర్చీల తొడుగుల మడతలు, చెప్పులు విడిచిన చోటు చూశారు. దిద్దు వెనక శీల ఊడితే అది పూలరేకుల్లోనే కలిసిపోతుంది. ఆ పూలు తెల్లారేసరికి చెత్తబండి ఎక్కేస్తాయి. ఎంగిలి ఆకుల్లోకి, ప్లేట్లలోకి వెళ్లిపోయేవాటిలో కాగితం చేతిరుమాలులో చుట్టిన కట్టుడు పళ్లు ముఖ్యమైనవి. వాటిని చెత్త అనుకుని తీసేస్తారు. అందుకని ఎంగిలి డబ్బాల దగ్గరున్నవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

దొరికిన ప్రతి వస్తువునూ విడి కవరులో వేసి, ఎక్కడ దొరికింది, ఎన్నింటికి, ఎవరికి దొరికింది అని కవరు మీద రాయాలి. ఫొటో తీసి తమ దగ్గరే ఉంచుకోవాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, మర్నాడు ఇద్దరు ఒకే వస్తువు నాదంటే తేల్చేది ఆ కవరే.

కొన్ని వస్తువులు పొద్దుటిదాకా ఆగవు. ఇన్సులిన్ ఉన్న మందుల సంచి, చెవిటి మిషను, ఇంటి తాళాలు, ఫోను దొరికితే ఆ రాత్రే కబురు వెళ్లాలి. మందుల సంచిలో చీటీ ఉంటే దాని మీద పేరు ఉంటుంది. ఆ పేరు బాబాయ్ కాగితంలో ఉంటే, ఏ బండిలో ఉన్నారో వెంటనే తెలుస్తుంది. మన కథలో మందుల సంచి ఏలూరు వెళ్తున్న పెద్దమ్మది. బండి అప్పటికి హనుమాన్ జంక్షన్ కూడా దాటలేదు, వెనక్కి వచ్చి తీసుకెళ్లారు. రెండు పనుల్నీ ఇద్దరు చూసుకుంటున్నా, ఇద్దరూ ఒకచోటే కూర్చోవాలనేది ఇందుకే.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, హైదరాబాదు కారు కూడా చేరిందని తెలిశాక, పిన్ని గ్రూపులో పెట్టిన సందేశం ఇది:

“అందరికీ నమస్కారం. రాత్రి హాల్లో కొన్ని వస్తువులు దొరికాయి: ఒక కళ్లజోడు, ఒక చిన్న నగ, రెండు ఛార్జర్లు, ఒక పసిపిల్లల చెప్పుల జత, ఒక శాలువా. మీవైతే గ్రూపులో రాయకుండా నాకు విడిగా ఫోను చేసి, వస్తువు ఎలా ఉంటుందో చెప్పండి. మీ వస్తువేదైనా కనిపించకపోతే ఈ రోజు సాయంత్రంలోగా చెప్పండి, హాలువాళ్లనూ డెకరేషన్ వాళ్లనూ అడిగి వెతికిస్తాం.”

నగ అన్నదే తప్ప ఉంగరమనీ, ఎర్రరాయిదనీ అనలేదు, ఫొటో పెట్టలేదు. పెడితే గ్రూపులో ఉన్న ఎవరైనా గుర్తులు చెప్పేయగలరు. నిజమైన సొంతదారు మాత్రం అడగకుండానే చెబుతారు: కుడిచేతి ఉంగరపు వేలిది, లోపలివైపు అక్షరం చెక్కి ఉంటుంది, చేతులు కడుక్కునేటప్పుడు తీశాను అని. ఛార్జర్లకు, చెప్పులకు ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, వాటి ఫొటో పెట్టేస్తేనే త్వరగా తేలుతుంది. విలువైనదానికి గుర్తు దాచాలి, విలువ తక్కువదాన్ని బయటపెట్టాలి. అంతే నియమం.

‘ఈ రోజు సాయంత్రంలోగా’ అన్న గడువుకూ కారణం ఉంది. డెకరేషన్ వాళ్ల సామాను, వంటవాళ్ల గిన్నెలు ఒకటి రెండు రోజుల్లో ఇంకో పెళ్లికి వెళ్లిపోతాయి. హాల్లో సీసీ కెమెరాలున్నా కొన్నాళ్లకు పాత రికార్డింగు మీద కొత్తది పడుతుంది. వారం తర్వాత గుర్తొచ్చిన గొలుసును వెతకడానికి ఏ దారీ మిగలదు.

సందేశంలో జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది. ఎవరిదైనా గొలుసు కనిపించలేదని తెలియగానే, గ్రూపులో ఎవరో ఒకరు ‘వడ్డించిన కుర్రాళ్లను గట్టిగా అడగండి’ అంటారు. రాత్రంతా నిలబడి పనిచేసిన మనుషుల మీద ఒక్క ఆధారం లేకుండా నింద పడుతుంది. ఆ కుర్రాళ్లు గ్రూపులో ఉండరు, జవాబు చెప్పుకోలేరు. చాలాసార్లు ఆ గొలుసు చీర మడతలోనో, కారు సీటు కిందో, హ్యాండ్‌బ్యాగు లోపలి జేబులోనో ఉంటుంది. అందుకే పిన్ని ముందు ఆ మూడు చోట్లా చూసుకోమంటుంది. అలాంటి మాట గ్రూపులో పడితే వెంటనే తీసేయమని మర్యాదగా చెబుతుంది.

దొరికిన వస్తువును మన దగ్గర ఉంచుకోవడానికి చట్టమూ ఒక బాధ్యత పెట్టింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, ఇతరుల వస్తువు దొరికి దాన్ని తన అధీనంలోకి తీసుకున్న మనిషి, అది తన దగ్గర నమ్మి దాచుకున్న వస్తువైతే ఎంత జాగ్రత్తగా చూస్తాడో అంతే జాగ్రత్తగా చూడాలి. సొంతదారును వెతికే ప్రయత్నం చేయకుండా, తగినంత కాలం ఆగకుండా దాన్ని వాడేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం కావొచ్చు. తిరిగి ఇవ్వాలని జాగ్రత్త చేస్తే ఏ తప్పూ లేదు. గ్రూపులో పెట్టిన సందేశం, కవరు మీది రాత, మన ప్రయత్నానికి రుజువులు కూడా.

తిరిగి ఇవ్వడంలో నగలు పార్సిల్లో పంపొద్దు. ఆ ఊరు వెళ్లే మన మనిషి చేతికిచ్చి, అటువైపు తీసుకున్నవాళ్లతో ‘అందింది’ అని పెట్టించుకోవాలి.

చివరి సందేశం: పేరు పెట్టి చెప్పే కృతజ్ఞత

ధన్యవాదాలు ఆఖరున ఎందుకంటే, ముందు రెండూ తేలేదాకా రాత్రి ఎలా గడిచిందో మనకే తెలియదు. దారిలో ఒక బండికి ఏదైనా జరిగి ఉంటే, ఆ ఇంట్లో ఆసుపత్రి హడావుడి నడుస్తుండగా మన నవ్వుల ఫొటోలు వాళ్ల ఫోన్లలో పడతాయి. ఒకావిడ తాళి గొలుసు కోసం ఏడుస్తుండగా ‘అంతా దివ్యంగా జరిగింది’ అని రాసినట్టవుతుంది. మూడో రోజుకు అన్నీ సద్దుమణుగుతాయి, మన నిద్రా తీరుతుంది, ఎవరు ఏం చేశారో గుర్తుకొస్తుంది.

ఎవరెవరికి రాయాలో కొత్తగా జాబితా అక్కర్లేదు. చదివింపుల పుస్తకం ఉంది కదా. పేరు, ఊరు, వరుస అందులోనే ఉంటాయి. దాన్ని ముందు పెట్టుకుని రోజుకు ఇరవై పేర్లు చూస్తూ పోతే చాలు. ఎవరు ఎంత చదివించారో మాత్రం ఏ సందేశంలోనూ రాకూడదు. ఇచ్చింది గుర్తు చేస్తే, తక్కువ ఇచ్చినవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. వాళ్లు వచ్చారన్నదే చెప్పాలి.

అందరికీ ఒకేసారి పంపడానికి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడితే రెండు ఇబ్బందులు. ఒక జాబితాలో 256 మందికే చోటు. పైగా మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. కొత్త వియ్యాలవారి బంధువుల ఫోన్లలో మన నంబరు ఉండదు, అంటే ముఖ్యంగా అందాల్సినవాళ్లకే అందదు. కాబట్టి ఊళ్లోవాళ్లకు గ్రూపులో ఒక మాట చాలు. దూరం నుంచి వచ్చినవాళ్లకు, కొత్త చుట్టాలకు విడిగా రాయాలి. పెద్దవాళ్లకు ఫోనే చేయాలి.

విడిగా రాసేదాంట్లో ఆ ఒక్కరికే చెందే మాట ఒకటి ఉండాలి:

“మామయ్యా, మోకాళ్ల నొప్పి ఉన్నా మెట్లెక్కి స్టేజీ మీదికొచ్చి పిల్లలిద్దరి తల మీదా అక్షింతలు వేశారు. అత్తయ్య చివరిదాకా ఉండి పంక్తులు చూసుకున్నారు. మీరు క్షేమంగా చేరారని విన్నాక మాకు నిద్ర పట్టింది. వచ్చే వారం పిల్లల్ని తీసుకుని తెనాలి వస్తాం.”

ఈ మాటలు ఇంకెవరికీ పంపలేం, అందుకే మామయ్య వాటిని దాచుకుంటాడు. ఇలాంటివి నాలుగు వందలు ఎవరూ రాయలేరు. దూరప్రయాణం చేసినవాళ్లు, రాత్రంతా పని చేసిపెట్టినవాళ్లు, ఒంట్లో బాగాలేకపోయినా వచ్చినవాళ్లు ముప్ఫై నలభై మంది ఉంటారు. వాళ్లకు రాస్తే చాలు. ఫోన్లో చదువుకోలేని వంటమేస్త్రికి, హాలు వాచ్‌మన్‌కు నోటితోనే చెప్పాలి.

ఫొటోల లింకు పెట్టేటప్పుడు ఒక హెచ్చరిక. పెళ్లి శుభలేఖల పేరుతో .apk ఫైళ్లు పంపి ఫోన్లలోకి చొరబడే మోసాలు మన దగ్గర జరుగుతున్నాయి. పెళ్లి అయిన మర్నాడు ‘ఫొటోలు చూడండి’ అంటూ వచ్చే ఫైలును చుట్టాలు ఆలోచించకుండా తెరిచేస్తారు. అందుకని “ఫొటోల లింకు ఫలానా రోజు, పెళ్లికొడుకు నంబరు నుంచే వస్తుంది, అందులో ఏ యాప్ వేసుకోమనీ అడగం” అని ముందే రాయాలి. ఆ మాట చదివినవాళ్లు వేరే నంబరు నుంచి వచ్చినదాన్ని ముట్టుకోరు.

వారం తర్వాత పిన్ని గ్రూపులో ఇంకొక్క చిన్న సందేశం పెట్టింది: “ఉంగరం, కళ్లజోడు, శాలువా వాటి సొంతదారులకు అందాయి. రెండు ఛార్జర్లు, పసిపిల్లల చెప్పులు మా ఇంట్లో ఉన్నాయి. నెలాఖరుదాకా ఉంచుతాం, తర్వాత అవసరమైనవాళ్లకు ఇచ్చేస్తాం.” చాలామంది ఈ సందేశం పంపరు. పంపకపోతే ఉంగరం దొరికిందో లేదో తెలియక, ఆ రాత్రి వడ్డించిన కుర్రాళ్ల మీద అనుమానం కొందరి మనసుల్లో అలాగే ఉండిపోతుంది. అందుకే బాబాయ్ కాగితంలో తొమ్మిదో వరుస కొట్టేసినట్టే, పిన్ని కవర్ల లెక్క కూడా అందరి ముందూ తేలాలి.